ఏప్రిల్ 1న రివర్సల్ ఎందుకు వేయాలి? అక్రూవల్స్, ప్రీపెయిడ్ ఖర్చులపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కంపెనీల అకౌంట్స్ విభాగాల్లో తెలుగువాళ్లు చాలామంది కనిపిస్తారు. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి బీకాం చదివి వచ్చి, మార్చి ముగింపు పని మొదటిసారి చేసేవాళ్లు ఏప్రిల్ మొదటి వారంలో దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. మార్చి 31న ఎంట్రీలు వేయడం వాళ్లకు త్వరగానే వస్తుంది. వాటిని మర్నాడే ఎందుకు తిరగెయ్యాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆ ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఉదాహరణకు మారతహళ్లిలో అద్దె భవనంలో నడిచే ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీని ఊహించుకుందాం. 2024-25 పుస్తకాలు 31 మార్చి 2025న మూస్తున్నారు. కింద చెప్పే అంకెలన్నీ ఈ ఒక్క కంపెనీవే.

మార్చి 31న అక్రూవల్ దేనికి వేస్తాం?

ఆఫీసులో మార్చి అంతా కరెంటు వాడారు. బెస్కామ్ బిల్లు ఏప్రిల్ 7న వస్తుంది. బిల్లు రాలేదు కదా అని వదిలేస్తే 2024-25లో పదకొండు నెలల కరెంటు ఖర్చే కనిపిస్తుంది, లాభం ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. అందుకని ఫిబ్రవరి బిల్లు, మార్చి మీటరు రీడింగు చూసి 46,000 రూపాయలు అవుతుందని అంచనా కట్టి ఈ జర్నల్ వేస్తారు.

31-3-2025
కరెంటు ఖర్చు ఖాతా, డెబిట్ 46,000
ఖర్చుల ప్రొవిజన్ ఖాతా, క్రెడిట్ 46,000

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. కరెంటు ఖర్చు లాభనష్టాల ఖాతాకు చెందినది. ఏడాది ముగిశాక అది సున్నాకు వచ్చి, ఏప్రిల్ 1న కొత్తగా మొదలవుతుంది. ప్రొవిజన్ ఖాతా బ్యాలెన్స్ షీటుది, కాబట్టి ఆ 46,000 అలాగే కొత్త ఏడాదికి వచ్చేస్తుంది. ఒకే జర్నల్‌లోని రెండు కాళ్లలో ఒకటి పాత ఏడాదిలో ఆగిపోయింది, రెండోది కొత్త ఏడాదిలోకి నడిచి వచ్చింది. రివర్సల్ అవసరమంతా ఇక్కడినుంచే పుడుతుంది.

రివర్సల్ అంటే ఏం చేయాలి? ఖర్చు ఖాతా మైనస్‌లోకి పోదా?

అదే జర్నల్‌ను డెబిట్, క్రెడిట్ తారుమారు చేసి ఏప్రిల్ 1 తేదీతో వేయాలి.

1-4-2025
ఖర్చుల ప్రొవిజన్ ఖాతా, డెబిట్ 46,000
కరెంటు ఖర్చు ఖాతా, క్రెడిట్ 46,000

అవును, కరెంటు ఖర్చు 46,000 క్రెడిట్‌లో కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది తప్పులా అనిపించి టెన్షన్ పడతారు. కావాలని పెట్టుకున్న మైనస్ అది. ఏప్రిల్ 7న బిల్లు 46,800కి వచ్చిందనుకోండి. అకౌంట్స్ అబ్బాయి ప్రతి నెలా వేసినట్టే కరెంటు ఖర్చు డెబిట్, బెస్కామ్ క్రెడిట్ అని వేస్తాడు. అంతకుముందే ఉన్న 46,000 క్రెడిట్ దానికి ఎదురుపడుతుంది, కొత్త ఏడాది ఖర్చులో 800 మాత్రం మిగులుతుంది. ప్రొవిజన్ ఖాతా సున్నా. చెల్లించాల్సింది బెస్కామ్ ఖాతాలో 46,800, అది నిజంగా చెల్లించాల్సిన మొత్తమే.

తేదీ విషయంలో జాగ్రత్త. రివర్సల్‌ను పొరపాటున మార్చి 31 తేదీతో వేస్తే అక్రూవల్ అదే రోజు రద్దయిపోతుంది, అసలు వేయనట్టే అవుతుంది.

రివర్స్ చేయకపోతే ఖర్చు రెండుసార్లు ఎలా పడుతుంది?

ఏప్రిల్ 1న ఏమీ చేయలేదనుకుందాం. ఏప్రిల్ 7న బిల్లు మామూలు పద్ధతిలోనే ఎక్కుతుంది. కరెంటు ఖర్చు డెబిట్ 46,800, బెస్కామ్ క్రెడిట్ 46,800. మార్చి నెల కరెంటు 2024-25లో 46,000గా ఒకసారి, 2025-26లో 46,800గా మరోసారి లెక్కలోకి వచ్చింది. రెండేళ్లూ కలిపితే 92,800. కంపెనీ జేబులోంచి పోయింది 46,800 మాత్రమే.

మిగతా 46,000 ఎక్కడుంది? ప్రొవిజన్ ఖాతాలో క్రెడిట్ బ్యాలెన్స్‌గా కూర్చుని ఉంటుంది. ఎవరికీ ఇవ్వక్కర్లేని అప్పు అది. అంటే ఎంత మొత్తం రెండుసార్లు లెక్కకు వచ్చిందో కచ్చితంగా ఆ అంకే ప్రొవిజన్ ఖాతాలో మిగిలి ఉంటుంది. తప్పు వెతకాలంటే ఖర్చు ఖాతాల్లో తిరగక్కర్లేదు, ప్రొవిజన్ ఖాతా తెరిస్తే చాలు.

దీన్ని పట్టించుకోకపోతే వచ్చే మార్చిలో ఇంకో అక్రూవల్, 50,000 అనుకోండి, దాని మీద పేరుకుని 96,000 అవుతుంది. నేను చూసిన పుస్తకాల్లో మూడేళ్ల పాత ప్రొవిజన్లు ఇలా అట్టలు కట్టి ఉన్నవి ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలని అడిగితే చెప్పేవాళ్లు ఉండరు, ఎందుకంటే ఆ బిల్లులన్నీ ఎప్పుడో చెల్లించేశారు.

బిల్లు వచ్చినప్పుడు నేరుగా ప్రొవిజన్‌కే డెబిట్ చేస్తే సరిపోదా?

లెక్క ప్రకారం సరిపోతుంది. బిల్లులో 46,000 ప్రొవిజన్‌కి, 800 ఖర్చుకి డెబిట్ చేస్తే చివరి అంకెలు రివర్సల్‌తో వచ్చినవే. రెండు పద్ధతులూ సరైనవే.

తేడా అల్లా ఎవరు గుర్తుపెట్టుకోవాలన్న దగ్గర వస్తుంది. రివర్సల్ పద్ధతిలో అక్రూవల్ వేసినవారే మర్నాటి ఎంట్రీ కూడా వేసేస్తారు. ఆ తర్వాత బిల్లులు ఎక్కించేవాళ్లకు ఏది మార్చిది, దేనికి ప్రొవిజన్ ఉంది అన్న సంగతి తెలియక్కర్లేదు. రెండో పద్ధతిలో ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ప్రతి బిల్లునూ ప్రొవిజన్ జాబితాతో పోల్చి చూడాలి. ఇరవై ముప్పై ప్రొవిజన్లు ఉన్న ఆఫీసులో, అందులోనూ మధ్యలో మనుషులు మారితే, ఒకటో రెండో తప్పిపోవడం ఖాయం. చిన్న టీముకు నా సలహా రివర్సలే.

చేయకూడనిదల్లా రెండూ కలపడం. ఏప్రిల్ 1న రివర్స్ చేసి, మళ్లీ బిల్లును కూడా ప్రొవిజన్‌కి డెబిట్ చేస్తే ప్రొవిజన్ ఖాతా 46,000 డెబిట్‌లోకి పోతుంది, కొత్త ఏడాది ఖర్చు అంత మేరకు తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు మార్చి కరెంటు పాత ఏడాదిలో పడి, కొత్త ఏడాదిలో అదే మొత్తం తగ్గిపోయి, రెండేళ్ల లెక్కలో దాదాపు లేకుండానే పోతుంది.

అంచనాకూ బిల్లుకూ ఉన్న 800 తేడా ఏ ఏడాదికి చెందుతుంది?

బిల్లు వచ్చేసరికి 2024-25 పుస్తకాలు ఇంకా ఖరారు కాకపోతే, తేడా పట్టించుకోదగ్గదైతే, మార్చిలోనే సరైన అంకె పెట్టడం మంచిది. బ్యాలెన్స్ షీటు తేదీ నాటికే ఉన్న పరిస్థితికి ఆ బిల్లు సాక్ష్యం కాబట్టి అకౌంటింగ్ స్టాండర్డ్ 4 కూడా సర్దుబాటు చేయమంటుంది. ఖరారు అయిపోయాక వస్తే అది అంచనాలో వచ్చిన మార్పు, తేలిన ఏడాదిలోనే, అంటే 2025-26లోనే ఉంటుంది. 800 కోసం పాత పుస్తకం తెరవరు.

ప్రీపెయిడ్ ఖర్చును రివర్స్ చేయడం ఎందుకు? అక్కడ డబుల్ అయ్యేది ఏముంది?

ఇదే కంపెనీ 1 జనవరి 2025న ఆఫీసు ఇన్సూరెన్స్‌కి 1,20,000 కట్టింది. పాలసీ డిసెంబరు 31 దాకా ఉంది. కట్టిన రోజు మొత్తం ఇన్సూరెన్స్ ఖర్చులో వేశారు. మార్చి 31 నాటికి మూడు నెలలే గడిచాయి, 30,000 మాత్రమే ఆ ఏడాది ఖర్చు. మిగతా తొమ్మిది నెలల 90,000 తీసి ప్రీపెయిడ్ ఖాతాకు డెబిట్, ఇన్సూరెన్స్ ఖర్చుకు క్రెడిట్ చేశారు. ఏప్రిల్ 1న రివర్సల్ ఇలా ఉంటుంది.

1-4-2025
ఇన్సూరెన్స్ ఖర్చు ఖాతా, డెబిట్ 90,000
ప్రీపెయిడ్ ఖర్చుల ఖాతా, క్రెడిట్ 90,000

ఇది వేయకపోతే నష్టం అక్రూవల్‌కి ఎదురు దిశలో మొదలవుతుంది. ఆ 90,000 ఏ ఏడాది ఖర్చులోకీ రాదు. 2025-26లో పాలసీ వాడుకున్నారు, ఖర్చు మాత్రం రాయలేదు, లాభం ఎక్కువగా తేలింది. రెండుసార్లు లెక్కపడటం ఆస్తి వైపు జరుగుతుంది. 2026 జనవరిలో పాలసీ 1,32,000కి రెన్యూ చేసి, మార్చి 31న అందులో తొమ్మిది నెలల 99,000 మళ్లీ ప్రీపెయిడ్‌లో వేస్తారు. పాత 90,000 కూడా అక్కడే ఉంటే ప్రీపెయిడ్ 1,89,000 చూపిస్తుంది. ఎప్పుడో గడువు తీరిన పాలసీ ఇంకా ఆస్తిగా నిలబడి ఉంటుంది.

మేం నెలనెలా ఎంఐఎస్ ఇస్తాం. 90,000 అంతా ఏప్రిల్‌లోనే పడితే ఎలా?

నిజమే, ఏడాది లెక్క సరిపోయినా నెల లెక్క చెడుతుంది. ఏప్రిల్‌లో తొమ్మిది నెలల ఇన్సూరెన్స్, మే నుంచి సున్నా. బెంగళూరులో విదేశీ మాతృసంస్థ ఉన్న కంపెనీలు చాలా ఉన్నాయి, వాళ్లు ప్రతి నెలా రిపోర్టు పంపాలి. అలాంటిచోట ప్రీపెయిడ్‌ను ఒక్కసారిగా రివర్స్ చేయకుండా నెలకు 10,000 చొప్పున డిసెంబరు దాకా ఖర్చులోకి తీసుకోవాలి. ఏడాదికి ఒక్కసారే లెక్కలు చూసే చిన్న సంస్థకు ఒక్కసారి రివర్సల్ చాలు.

ఇక్కడే నేను అందరికీ గట్టిగా చెప్పే హెచ్చరిక ఉంది. ఒకరు ఏప్రిల్ 1న 90,000 రివర్స్ చేస్తారు. ఇంకొకరు తమ ఎక్సెల్ షెడ్యూల్ ప్రకారం నెలకు 10,000 వేసుకుంటూ పోతారు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు, ఖర్చు మాత్రం డిసెంబరుకల్లా 1,80,000 అయింది. ఇదే అసలైన డబుల్ కౌంటింగ్, అదీ మంచి ఉద్దేశంతో జరిగేది. గుర్తు ఏమిటంటే ప్రీపెయిడ్ ఖాతా ఏప్రిల్ నెలాఖరుకే 10,000 క్రెడిట్ చూపిస్తుంది. ప్రీపెయిడ్ అనేది ఆస్తి, అది క్రెడిట్‌లో ఉండటానికి వీల్లేదు. ఒక్కో ప్రీపెయిడ్ పక్కన "ఒక్కసారి" లేదా "నెలవారీ" అని మార్చి 31నే షెడ్యూల్‌లో రాసి పెట్టుకుంటే ఈ గొడవ రాదు.

టీడీఎస్ కోసిన ప్రొవిజన్‌ను ఎలా రివర్స్ చేయాలి?

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు తీసుకున్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ ఏజెన్సీ మార్చి పనికి 1,00,000 బిల్లు ఏప్రిల్ 10న ఇస్తుంది. కాంట్రాక్టర్ ఖాతాకు క్రెడిట్ చేసిన రోజు, చెల్లించిన రోజు, ఈ రెండిట్లో ఏది ముందైతే అప్పుడే టీడీఎస్ కోయాలి. ప్రొవిజన్, సస్పెన్స్ లాంటి పేరున్న ఖాతాకు క్రెడిట్ చేసినా అది ఆ పార్టీకి క్రెడిట్ చేసినట్టే. ఎవరికివ్వాలో, ఎంతివ్వాలో తెలిసిన ప్రొవిజన్ కనుక మార్చి 31నే 2 శాతం, అంటే 2,000 కోసి, ఏప్రిల్ 30లోగా కట్టాలి.

చాలామంది ఖర్చు డెబిట్ 1,00,000, ప్రొవిజన్ క్రెడిట్ 98,000, టీడీఎస్ చెల్లించాల్సినది క్రెడిట్ 2,000 అని ఒకే వోచర్ వేస్తారు. మర్నాడు దాన్ని మొత్తంగా తిరగేస్తారు. దాంతో ప్రభుత్వానికి కట్టాల్సిన 2,000 పుస్తకాల్లోంచి మాయమవుతుంది. ఏప్రిల్ 10న బిల్లు ఎక్కించేటప్పుడు మళ్లీ 2,000 కోస్తారు. మార్చి టీడీఎస్ కట్టాల్సిందే, ఏప్రిల్ టీడీఎస్ కూడా కోసేశారు. ఒకే బిల్లుకు రెండుసార్లు టీడీఎస్.

తేలికైన దారి ఏమిటంటే మార్చి 31నే రెండు వేర్వేరు వోచర్లు వేయడం. మొదటిది ఖర్చు డెబిట్ 1,00,000, ప్రొవిజన్ క్రెడిట్ 1,00,000. రెండోది "ప్రొవిజన్‌పై కోసిన టీడీఎస్" అనే ఖాతాకు డెబిట్ 2,000, చెల్లించాల్సిన టీడీఎస్‌కు క్రెడిట్ 2,000. ఏప్రిల్ 1న మొదటిదాన్ని మాత్రమే రివర్స్ చేయాలి. రెండోదాన్ని ముట్టుకోకూడదు. బిల్లు వచ్చాక దాన్ని టీడీఎస్ కోయకుండా ఎక్కించి, ఏజెన్సీ ఖాతాకు 2,000 డెబిట్, "ప్రొవిజన్‌పై కోసిన టీడీఎస్"కు 2,000 క్రెడిట్ చేయాలి. ఆ ఖాతా సున్నా అవుతుంది, ఏజెన్సీకి 2,000 తగ్గించి చెల్లిస్తారు.

బిల్లు 1,03,000కి వస్తే? మిగిలిన 3,000 మీద మాత్రమే అప్పుడు టీడీఎస్ కోయాలి.

ప్రొవిజన్‌లో జీఎస్టీ కలపాలా?

క్రెడిట్ తీసుకునే అర్హత ఉంటే కలపకూడదు. ఇన్‌పుట్ క్రెడిట్‌కి ఇన్‌వాయిస్ కావాలి, ప్రొవిజన్‌కి ఇన్‌వాయిస్ ఉండదు. పై 1,00,000 బిల్లుమీద 18,000 జీఎస్టీ ఏప్రిల్ 10న బిల్లుతోపాటే ఎక్కుతుంది.

రివర్స్ చేసిన తర్వాత ఆడిటర్ మార్చి అంకె మార్చారు. ఇప్పుడేం చేయాలి?

జూలైలో ఆడిటర్ బెస్కామ్ బిల్లు చూసి, 46,000 అన్న ప్రొవిజన్ 46,800 ఉండాలన్నారు. మార్చి 31 తేదీతో 800కి అదనపు జర్నల్ వేశారు. ఏప్రిల్ 1 రివర్సల్ మాత్రం 46,000 దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు 2024-25లో 46,800 ఉంది, 2025-26లో 800 కూడా ఉంది. ప్రొవిజన్ ఖాతాలో 800 మిగిలిపోయింది. అంకె చిన్నది కాబట్టి ఎవరి కంటా పడదు, కానీ యాభై లక్షల ప్రాజెక్టు ఖర్చు మీద ఆడిటర్ సవరణ వస్తే ఇదే తప్పు లక్షల్లో ఉంటుంది.

అందుకని మార్చిలో ఒక ఎంట్రీ వేస్తే ఏప్రిల్ 1న దాని జోడీ ఉండాలి. పాత వోచర్‌ను తెరిచి దిద్దకుండా, అదనపు మొత్తానికి కొత్త జోడీ వేయడం నయం. 1 ఏప్రిల్ 2023 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ తప్పనిసరి. విడి జర్నల్ అయితే ఎందుకు మారిందో నేరేషన్‌లోనే చెప్పుకోవచ్చు.

టాలీలో `Reversing Journal` అని ఉంది కదా, అది వాడితే చాలదా?

పేరు చూసి చాలామంది అదే అనుకుంటారు. ఈ పనికి అది పనికిరాదు. టాలీలో ఆ వోచర్ అసలు పుస్తకాల్లోకి చేరదు. సినారియో పెట్టుకుని రిపోర్టు చూసినప్పుడు మాత్రమే, `Applicable upto` దగ్గర ఇచ్చిన తేదీ దాకా కనిపిస్తుంది. నెల మధ్యలో తాత్కాలిక రిపోర్టులకు ఉద్దేశించింది అది. మార్చి ప్రొవిజన్‌ను దానితో వేస్తే ఫైనల్ బ్యాలెన్స్ షీటులో ప్రొవిజనే ఉండదు. మామూలు `Journal` వోచరే మార్చి 31న ఒకటి, ఏప్రిల్ 1న ఒకటి వేయాలి.

శాప్ వాడే పెద్ద కంపెనీల్లో `FBS1` లో అక్రూవల్ వేస్తూ రివర్సల్ తేదీ ఇస్తారు. తేదీ ఇచ్చినంత మాత్రాన తిరగబడదు. ఏప్రిల్‌లో `F.81` నడిపితేనే రివర్సల్ పోస్ట్ అవుతుంది. తేదీ ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉండి, దాన్ని నడపడం మరిచిపోయే టీములు ఉన్నాయి.

మార్చి 31న వేసిన ప్రతి ఎంట్రీనీ రివర్స్ చేయాలా?

వద్దు. తర్వాత మామూలుగా ఒక బిల్లో, రసీదో వచ్చి అదే ఖర్చును లేదా ఆదాయాన్ని మళ్లీ ఎక్కించే అవకాశం ఉన్నవాటికే రివర్సల్. బ్యాంకు డిపాజిట్ మీద మార్చి దాకా పేరుకున్న వడ్డీ ఈ కోవలోదే, గడువు తీరాక బ్యాంకు మొత్తం వడ్డీ వేస్తుంది కాబట్టి. తరుగుదల, గ్రాట్యుటీ, రాని బాకీల ప్రొవిజన్, ఆదాయపు పన్ను ప్రొవిజన్ అలాంటివి కావు. వాటిని తిరగేస్తే ఏడాది పొడవునా కట్టిన లెక్క ఒక్క రోజులో చెరిగిపోతుంది.

మధ్యస్థంగా ఉండేవి కొన్ని. ఆడిట్ ఫీజు బిల్లు సెప్టెంబరులో వస్తుంది. ఏప్రిల్ 1నే రివర్స్ చేస్తే బిల్లు వచ్చేదాకా ఆడిట్ ఫీజు ఖాతా క్రెడిట్‌లో ఉండి, ఏప్రిల్ నుంచి అప్పటిదాకా కలిపి చూసే లాభం ఎక్కువగా కనిపిస్తుంది. పైగా ఇవ్వాల్సిన బాకీ బ్యాలెన్స్ షీటులో కనిపించదు. ఇలా ఆలస్యంగా వచ్చే ఒకటి రెండు పెద్ద బిల్లులకు రివర్స్ చేయకుండా, బిల్లును ప్రొవిజన్‌కే డెబిట్ చేయడం నేను ఇష్టపడతాను. అలా ఉంచినవాటికి ప్రత్యేక లెడ్జర్ పెట్టండి, రివర్స్ అయ్యేవాటితో కలపకండి.

అంతా సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

ఏప్రిల్ 1 ఎంట్రీలు అయ్యాక ఆ రోజు ట్రయల్ బ్యాలెన్స్ తీయండి. రివర్స్ అయ్యే ప్రొవిజన్ల లెడ్జర్, ఒక్కసారి రివర్స్ చేసే ప్రీపెయిడ్ల లెడ్జర్ సున్నాలో ఉండాలి. లేకపోతే మార్చి 31 జర్నళ్ల జాబితాను ఏప్రిల్ 1 జాబితా పక్కన పెట్టి జోడీ లేనిదాన్ని పట్టుకోవాలి.

రెండోసారి మే నెలాఖరులో చూడండి. ఏ ఖర్చు ఖాతాలోనైనా ఇంకా క్రెడిట్ బ్యాలెన్స్ ఉంటే దానికి మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. బిల్లు ఇంకా రాలేదు. వచ్చింది గానీ వేరే ఖర్చు ఖాతాలో ఎక్కింది. లేదా అంచనా అవసరానికి మించి పెట్టారు. హౌస్‌కీపింగ్ బిల్లును ఎవరో ఆఫీసు నిర్వహణ ఖాతాలో వేస్తే ఒకటి 1,00,000 మైనస్, ఇంకొకటి 1,00,000 అదనం చూపిస్తాయి. మొత్తం లాభం సరిగ్గానే ఉన్నా విభాగాల వారీ బడ్జెట్ చూసేవాళ్లకు రెండూ తప్పే. బిల్లు అసలే రాకపోతే ఏజెన్సీకి ఫోన్ చేసి అడగాలి, ఇంకా రాదంటే ఆ నెలాఖరుకు మళ్లీ ప్రొవిజన్ వేసి, తర్వాతి నెల ఒకటో తేదీన మళ్లీ రివర్స్ చేయాలి.